కుర్చీ దిగాక అడుగు ఎందుకు చిన్నదవుతుంది?

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసే ఒకాయన్ని తీసుకుందాం. యాభై దాటిన మనిషి. పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం ఆరు దాకా అంతే. లేచినప్పుడు మొదటి నాలుగైదు అడుగులు ముందుకు వంగి వేస్తాడు. గజ్జల దగ్గర పట్టేసినట్టుంటుంది, చెయ్యి నడుం మీదికి పోతుంది. కాస్త నడిచేసరికి సర్దుకుంటుంది. కానీ సంతకి వెళ్తే భార్య పది గజాలు ముందుంటుంది. "ఏంటండీ ఆ చిట్టి అడుగులు, తొందరగా రండి" అని ఆవిడ విసుగు. ఆయన మాత్రం ఇది నడుంనొప్పే అనుకుని రోజూ నడుముకి బామ్ రాయించుకుంటున్నాడు.

అసలు సంగతి నడుముకి ముందు వైపున ఉంది. తొడను పైకెత్తే కండరాల్లో ముఖ్యమైనది సోయాస్. అది నడుము వెన్నుపూసల పక్కన మొదలై, పొట్ట లోపలి నుంచి తుంటి కీలు ముందుగా దిగి, తొడ ఎముక పైభాగంలో లోపలి వైపు అతుక్కుంటుంది. కటి ఎముక లోపలి నుంచి వచ్చే ఇలియాకస్ దానితో కలుస్తుంది. ఇంకొకటి, రెక్టస్ ఫెమోరిస్, తొడ ముందు భాగమంతా పరుచుకుని మోకాటి చిప్ప దాకా పోతుంది. మనం కూర్చున్నంతసేపూ తుంటి దగ్గర ఇవన్నీ కురచగా మడిచి ఉంటాయి. కుర్చీ మానేసి నేల మీద బాసింపట్టు వేసుకున్నా తుంటి మడతలోనే ఉంటుంది. కింద కూర్చోవడం మంచిదే గానీ ఈ బాధకు అది మందు కాదు.

నడకలో వెనక పాదం నేలను విడిచే ముందు ఆ తొడ ఒంటికి కనీసం పది డిగ్రీలు వెనక్కి వెళ్లాలి. తుంటి ముందు భాగం అంత సాగకపోతే శరీరం రెండు దొంగదారులు వెతుక్కుంటుంది. మడమ ముందే లేచిపోయి అడుగు కురచవుతుంది. లేదా కటి ముందుకు ఒరిగి, నడుము లోపలికి వంగి, తొడకు రాని ఆ కాస్త దూరాన్నీ అదే ఇస్తుంది. మన లేఖరి బామ్ రాసుకుంటున్నది ఈ రెండో దారి వల్ల అలిసిన నడుముకే.

అయితే బిగుతుగా అనిపించే ప్రతి కండరమూ కురచైపోయినట్టు కాదు. చాలామందికి పొడవు సరిగానే ఉంటుంది, బలమే ఉండదు. బలం లేని కండరం కాస్త పని పడగానే పట్టేసినట్టు అనిపిస్తుంది. అలాంటివాళ్లు ఎంత సాగదీసినా గంటసేపు హాయిగా ఉండి మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే ముందు చూసుకోవాల్సింది తేడా ఎక్కడుందో.

దీనికి థామస్ పరీక్ష అని ఒకటుంది. ఫిజియోథెరపిస్టులు రోజూ చేసేదే, ఇంట్లో గట్టి బల్ల మీద ఇంకొకరి సాయంతో చూసుకోవచ్చు. మెత్తటి పరుపు మీద చేస్తే లెక్క తప్పుతుంది. బల్ల అంచున కూర్చుని వెల్లకిలా పడుకోవాలి. రెండు మోకాళ్లనూ ఛాతీ వైపు లాక్కుని, ఒకదాన్ని రెండు చేతులతో పట్టుకుని, రెండో కాలిని మెల్లగా అంచు నుంచి కిందికి వదలాలి. నడుము బల్లకు ఆనుకునే ఉండాలి. వదిలిన తొడ బల్లను తాకితే పొడవు బాగున్నట్టే. గాల్లోనే ఆగితే, పక్కన ఉన్నవాళ్లు ఆ కాలి మోకాలిని చాపి చూడాలి. చాపగానే తొడ కిందికి దిగితే బిగుతు రెక్టస్ ఫెమోరిస్‌లో ఉంది. అప్పటికీ దిగకపోతే సోయాస్ వైపు అనుమానించాలి, లేదా తుంటి కీలునే. మన లేఖరికి ఎడమ తొడ బల్లను తాకింది. కుడి తొడ బెత్తెడు ఎత్తున ఆగింది, మోకాలు చాపినా దిగలేదు.

కాబట్టి ఆయన కుడివైపు సాగదీయాలి. దిండు మీద కుడి మోకాలు ఆనించి, ఎడమ పాదం ముందుకు వేసి, ఒళ్లు నిటారుగా పెట్టాలి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. ఎంత ముందుకు వంగితే అంత లాభమని ముందు మోకాలి మీదికి ఒరిగిపోతారు. అంజనేయాసనం ఫొటోలు చూసి చేసేవాళ్లలో ఇది మరీ ఎక్కువ. అలా చేస్తే వంగేది నడుమే, సోయాస్‌కి అందేది తక్కువ. ముందుకు కదలకముందే కుడి పిరుదును గట్టిగా బిగించి, తోకెముకను కిందికి, లోపలికి ముడవాలి. బెల్టు బకిల్ గడ్డం వైపు తిరిగినట్టుండాలి. అలా పట్టి ఉంచి రెండంగుళాలు ముందుకు జరిగితే చాలు, తొడ మొదట్లో లాగుతుంది. ముప్పై సెకన్లు, మూడుసార్లు, వారంలో ఐదు రోజులు. లాగుడు నడుములో తెలిస్తే పద్ధతి తప్పినట్టు. గజ్జలో సూదిలా గుచ్చితే ఆపేయాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పరీక్ష చేసిన భంగిమలోనే బల్ల అంచున పడుకుని కాలు వేలాడదీస్తే సరిపోతుంది.

వచ్చిన సాగును వాడుకునే బలం లేకపోతే అది నిలవదు. తొడను వెనక్కి లాగేది పిరుదు కండరం కాబట్టి మొదలు అక్కడే. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తోకెముక ముడిచి, పిరుదులు బిగించి తుంటి పైకెత్తాలి. సేతుబంధాసనంలా ఛాతీ దాకా లేపక్కర్లేదు. భుజం, తుంటి, మోకాలు ఒక గీతలోకి వస్తే ఆగాలి. పన్నెండేసి చొప్పున రెండు విడతలు. తొడ వెనక పిక్కపట్టినట్టయితే మడమల్ని దగ్గరికి జరుపుకోవాలి. ఇది తేలికయ్యాక ఒక కాలితో చేయాలి.

సోయాస్‌కి కూడా బలం కావాలి, బిగుసుకున్నదని దాన్ని వదిలేయకూడదు. గోడకు వీపు ఆనించి నిలబడి, మోకాలిని తుంటి కంటే పైకెత్తి ఐదు సెకన్లు ఆపాలి. ఒళ్లు పక్కకు ఒరగకూడదు. ఒక్కో కాలికి ఎనిమిది సార్లు. కొన్ని వారాలకు రెండు పాదాల చుట్టూ రబ్బరు బ్యాండు వేసుకోవచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చేది మూడోది. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, కిటికీ చువ్వ పట్టుకుని, వెనక మోకాలిని నిట్టనిలువుగా నేల వైపు దించి లేవడం. వెనక కాలి సోయాస్ సాగి ఉండగానే పని చేస్తుంది, అంటే నడకలో దానికి కావలసిన పనే. ఈ మూడూ రోజు విడిచి రోజు చాలు.

నడిచేటప్పుడు అడుగు పెద్దది చేయాలని పాదాన్ని ముందుకు విసరకండి, మడమ గుద్దుకుంటుంది. వెనక కాలి బొటనవేలు చివరిదాకా నేలను నెట్టనివ్వండి, అడుగు దానంతట అదే పెరుగుతుంది. లేఖరి లాంటివాళ్లకు లేచిన వెంటనే ఉండే పట్టు రెండు మూడు వారాల్లో తగ్గొచ్చు. బలం రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రెండు వారాలకోసారి అదే బల్ల మీద పరీక్ష చేసి, తొడ బల్లకు ఎంత దగ్గరైందో చూసుకుంటే మెరుగుదల తెలుస్తుంది. ఈలోగా సంతకాలకు కుర్రాణ్ణి పంపకుండా తానే లేచి వెళ్లడం కూడా వైద్యంలో భాగమే.

నెలన్నర చేసినా తొడ దిగకపోతే, బాసింపట్టు వేసుకోలేకపోతే, గజ్జలో నొప్పితో కుంటుతుంటే ఎముకల డాక్టరుకు చూపించాలి. ముఖ్యంగా స్టెరాయిడ్లు వాడినవాళ్లు, మద్యం ఎక్కువగా తాగేవాళ్లు. తుంటి ఎముక తలకు రక్తం అందక దెబ్బతినే జబ్బు ఇలాగే మొదలవుతుంది. తొలి రోజుల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎమ్మారై కావాలి. జ్వరంతో పాటు తొడ చాపలేకపోతే సోయాస్‌లో చీము పట్టి ఉండొచ్చు, మన దేశంలో వెన్ను క్షయ వల్ల కూడా ఇలా అవుతుంది. అప్పుడు వ్యాయామాలన్నీ పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.