ఎన్ని భాగాలు చేస్తే చాలు?

వక్రరేఖ కింది వైశాల్యం కట్టడానికి అంతరాన్ని సమాన భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగం మీద సులువైన ఆకారాన్ని అమర్చి, ఆ వైశాల్యాలన్నీ కూడడం సంఖ్యాత్మక సమాకలనంలో మొదటి పద్ధతి. భాగాలు పెరిగేకొద్దీ జవాబు అసలు విలువకు దగ్గరవుతుంది. అయితే లెక్క వేసేవారికి కావలసింది అంతకన్నా నిర్దిష్టమైన సమాధానం: దోషం ఫలానా హద్దు దాటకూడదంటే కనీసం ఎన్ని భాగాలు చేయాలి? లెక్క మొదలుపెట్టకముందే ఈ సంఖ్యను తేల్చుకోవచ్చు.

ఉదాహరణకు f(x) = e^(−x²) అనే ప్రమేయాన్ని 0 నుంచి 1 వరకు సమాకలనం చేయాలనుకుందాం. సంభావ్యతా శాస్త్రంలోని గంట ఆకారపు వక్రరేఖ ఇదే కుటుంబానికి చెందినది. దీని సమాకలనిని మనకు పరిచయమున్న ప్రమేయాలతో రాయడం సాధ్యం కాదు. అందుకే సంఖ్యలతో కట్టక తప్పదు. దోషం 0.0000005, అంటే 0.5×10⁻⁶ మించకూడదన్నది షరతు.

మొదట సమలంబ చతుర్భుజ నియమం. చాలా పాఠ్యపుస్తకాల్లో ట్రెపిజాయిడల్ నియమం అన్నది దీన్నే. ప్రతి భాగంలోనూ వక్రరేఖ రెండు కొనలనూ ఒక సరళరేఖతో కలుపుతారు. ఆ సరళరేఖకూ వక్రరేఖకూ మధ్య మిగిలే సన్నని ప్రాంతమే దోషం. వక్రరేఖ ఎంత వంగితే అది అంత పెద్దదవుతుంది. వంపును చెప్పేది రెండో అవకలజం కాబట్టి దోషసూత్రంలోకి అదే వస్తుంది. భాగం వెడల్పు h అయితే ఒక్క భాగంలో దోషం h³M/12 దాటదు. ఇక్కడ M అంటే మొత్తం అంతరంలో |f''| తీసుకునే గరిష్ఠ విలువ. ఇలాంటి n భాగాల దోషాలను కూడి, h స్థానంలో (b−a)/n పెడితే హద్దు ఇలా వస్తుంది:

(b−a)³ M / (12 n²)

ఇది అడిగిన హద్దుకు మించకూడదని రాసి n కోసం సాధించడమే చేయవలసిన పని. ఇందులో కష్టమంతా M దగ్గరే ఉంటుంది. M అంతరం కొన దగ్గర విలువో మధ్యబిందువు దగ్గర విలువో కాదు. అంతరంలో ఎక్కడైనా సరే, గుర్తు వదిలేసి చూసినప్పుడు వచ్చే అతి పెద్ద విలువ. పరీక్షల్లో ఈ లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఏదో ఒక కొనను ప్రతిక్షేపించి ముందుకు వెళితే వచ్చే n దేనికీ హామీ ఇవ్వదు.

మన ప్రమేయానికి f''(x) = (4x²−2)e^(−x²). x విలువ 0 నుంచి 1 వరకు మారేటప్పుడు 4x²−2 విలువ −2 నుంచి 2 వరకు పెరుగుతుంది. e^(−x²) ఎప్పుడూ 1 దాటదు. కాబట్టి |f''| ఎక్కడా 2 కంటే ఎక్కువ కాదు. x = 0 దగ్గర అది సరిగ్గా 2 అవుతుంది కూడా. M = 2 పెడితే దోషపు హద్దు 1/(6n²). దీన్ని 0.5×10⁻⁶ లోపు ఉంచాలంటే n² కనీసం 3,33,334 ఉండాలి. వర్గమూలం తీస్తే 577.35 వస్తుంది. భాగాల సంఖ్య పూర్ణాంకం కావాలి, పైగా కిందికి సవరిస్తే హామీ పోతుంది. అందుకే పైనున్న పూర్ణాంకం 578 తీసుకోవాలి.

చేత్తో 578 భాగాలు చేయడం ఎవరికైనా భారమే. అదే ప్రమేయానికి సింప్సన్ నియమం వాడి చూద్దాం. ఇందులో పక్కపక్కనున్న రెండేసి భాగాల మీద సరళరేఖకు బదులు పరావలయాన్ని అమరుస్తారు. భాగాలు జతలుగా రావాలి గనుక n సరిసంఖ్య కాక తప్పదు. దీని దోషానికి హద్దు

(b−a)⁵ K / (180 n⁴)

K అంటే నాలుగో అవకలజానికి పరమమూల్యంలో గరిష్ఠ విలువ. హారంలో n⁴ ఉండడమే దీని బలం. భాగాలు రెట్టింపు చేస్తే సమలంబ నియమంలో దోషం నాలుగో వంతుకు తగ్గితే, ఇక్కడ పదహారో వంతుకు తగ్గుతుంది.

నాలుగో అవకలజం (16x⁴−48x²+12)e^(−x²). దీని గరిష్ఠాన్ని కచ్చితంగా కనుక్కోవాలంటే ఇంకోసారి అవకలనం చేయాలి. అంత శ్రమ పడకుండా చూస్తే, కుండలీకరణాల్లోని బహుపది 12 దగ్గర మొదలై తగ్గుతూ −20 వరకు వెళుతుంది, ఘాత ప్రమేయం 1 దాటదు. కాబట్టి K = 20 అనుకుంటే ఏ ప్రమాదమూ లేదు. అప్పుడు n కనీసం 21.7, అంటే 22 భాగాలు. శ్రమపడి అసలు గరిష్ఠం కనుక్కుంటే అది x = 0 దగ్గర 12 అని తేలుతుంది. దాంతో n కనీసం 19.1. తర్వాతి సరిసంఖ్య 20. అంత పనికీ దక్కిన ఆదా రెండు భాగాలు! K నాలుగో మూలం కింద ఉండడమే ఇందుకు కారణం. K ను పదహారు రెట్లు ఎక్కువగా అంచనా వేసినా n రెట్టింపు అవుతుందంతే. అందుకే K కోసం సులువుగా దొరికే పెద్ద విలువతో సరిపెట్టుకోవడం చాలా సందర్భాల్లో తెలివైన పని. తక్కువగా అంచనా వేయడం మాత్రం ఎప్పుడూ తప్పే.

ఈ హద్దులు ముందుజాగ్రత్త పాలు ఎక్కువున్నవి. వంపు అతి ఎక్కువగా ఉన్న ఒక్క బిందువును పట్టుకుని, అన్ని భాగాల్లోనూ వంపు అంతే ఉన్నట్టు లెక్కిస్తాయి. మన సమాకలని అసలు విలువ 0.746824133. సింప్సన్ నియమం 20 భాగాలతో 0.746824184 ఇస్తుంది. దోషం సుమారు 0.5×10⁻⁷. అడిగినదానిలో పదో వంతు. నిజానికి 12 భాగాలతోనే షరతు తీరిపోయేది. సమలంబ నియమంలో కూడా 578కి బదులు 351 సరిపోయేవి. కానీ అసలు విలువ తెలియని చోట ఆ సంగతి ముందే తెలిసే దారి లేదు. హామీ కావాలంటే ఆ అదనపు భాగాల ఖర్చు భరించాలి.

అవకలజాల జోలికి వెళ్లలేని ప్రమేయాలూ ఉంటాయి. సూత్రం చాంతాడంత ఉండొచ్చు, లేదా ప్రమేయమే ఒక కంప్యూటర్ ప్రోగ్రాం నుంచి రావచ్చు. అప్పుడు వాడే దారి రెట్టింపు చేయడం. సింప్సన్ నియమంతో 10 భాగాలకు 0.746824948 వస్తుంది, 20 భాగాలకు 0.746824184. రెట్టింపుతో దోషం పదహారో వంతు అవుతుంది గనుక, ఈ రెండింటి తేడా రెండో జవాబులోని దోషానికి దాదాపు పదిహేను రెట్లు ఉండాలి. తేడా 7.64×10⁻⁷. దాన్ని 15తో భాగిస్తే 0.51×10⁻⁷. అసలు దోషం కూడా ఇంతే. సమలంబ నియమానికైతే 3తో భాగించాలి. పాత బిందువులన్నీ కొత్త విభజనలోనూ ఉంటాయి కాబట్టి వాటి దగ్గర విలువలను మళ్లీ కట్టనక్కర్లేదు. అంచనా హద్దులోకి వచ్చేదాకా రెట్టింపు చేస్తూ పోతే సరిపోతుంది.

కానీ ఇది అంచనాయే, హామీ కాదు. sin²(16πx) ను 0 నుంచి 1 వరకు తీసుకుంటే ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 4, 8, 16 భాగాలతో విభజించినప్పుడు ప్రతి బిందువు దగ్గరా ఈ ప్రమేయం విలువ సున్నా. సమలంబ నియమం మూడుసార్లూ సున్నాయే ఇస్తుంది, తేడా కూడా సున్నా, దోషం లేనట్టే కనిపిస్తుంది. అసలు విలువ 1/2. అదే దోషసూత్రాన్ని అడిగితే, రెండో అవకలజపు గరిష్ఠం 512π², అంటే దాదాపు 5,053 గనుక 16 భాగాలకు హద్దు 1.6 దాటుతుందని చెబుతుంది. జవాబును నమ్మవద్దని అది ముందే హెచ్చరించినట్టు. ప్రమేయం ఎంత వేగంగా ఊగుతుందో తెలియకుండా రెట్టింపు పద్ధతిని నమ్మకూడదు.

దోషసూత్రమే చేతులెత్తేసే చోటు మరొకటి ఉంది. √x ను 0 నుంచి 1 వరకు సమాకలనం చేయాలంటే, 0 దగ్గర రెండో అవకలజం అనంతానికి పోతుంది. M అనేదే ఉండదు, కాబట్టి ఏ n కూ హామీ దొరకదు. లెక్క వేస్తే జవాబు మెరుగవుతుంది గానీ మందకొడిగా. భాగాలు రెట్టింపు చేసినప్పుడల్లా సమలంబ నియమపు దోషం 4 రెట్లు కాక 2.83 రెట్లే తగ్గుతుంది. ఇదే పసిగట్టే ఉపాయం. వరుసగా మూడు విభజనల జవాబులు తీసుకుని, మొదటి రెండింటి తేడాను తర్వాతి రెండింటి తేడాతో భాగించాలి. e^(−x²) కు సమలంబ నియమంతో 10, 20, 40 భాగాలకు 0.746211, 0.746671, 0.746786 వస్తాయి. తేడాలు 0.000460, 0.000115. నిష్పత్తి 4. అంతా సవ్యంగా ఉందన్నమాట. నిష్పత్తి 2.8 దగ్గర ఆగిపోతే ప్రమేయంలో ఎక్కడో అవకలజం పాడైందని అర్థం. అప్పుడు 3తో భాగించే అంచనా కూడా చెల్లదు.

√x విషయంలో మొండిగా భాగాలు పెంచుకుంటూ పోతే, మన హద్దును చేరడానికి సమలంబ నియమానికి 5,500 పైచిలుకు భాగాలు కావాలి. x = t² అని మార్చుకుంటే సమాకలని 2t² అవుతుంది. పరావలయం మీద సింప్సన్ నియమానికి దోషమే లేదు గనుక రెండు భాగాలతో కచ్చితంగా 2/3 వచ్చేస్తుంది. n పెంచే ముందు ప్రమేయాన్ని ఒకసారి పరిశీలించడం ఇందుకే అవసరం.

చివరగా, ఈ సూత్రాలేవీ లెక్కలోకి తీసుకోని దోషం ఒకటుంది. ప్రమేయపు విలువలను కొన్ని దశాంశ స్థానాలకు సవరించి వాడతారు. ఆ సవరణ వల్ల వచ్చే తప్పు భాగాల సంఖ్యతో తగ్గదు. రెండు నియమాల్లోనూ విలువలను గుణించే భారాల మొత్తం b−a అవుతుంది కాబట్టి, ఒక్కో విలువలోని సవరణ దోషం ఎంతో, దానికి (b−a) రెట్ల వరకు జవాబులో చేరవచ్చు. మన ఉదాహరణలో b−a = 1. విలువలను ఆరు దశాంశాలకు సవరిస్తే ఒక్కోదానిలో 0.5×10⁻⁶ వరకు తప్పు ఉండొచ్చు. అంటే అనుమతించిన దోషమంతా ఇక్కడే ఖర్చయిపోవచ్చు. ఇక n ఎంత పెంచినా షరతు తీరుతుందని చెప్పలేం. ఏడు దశాంశాలు తీసుకుంటే సవరణకు 0.5×10⁻⁷ పోయి, నియమానికి 4.5×10⁻⁷ మిగులుతుంది. సింప్సన్ హద్దు 1/(15n⁴) ను దీనికి లోబడి ఉంచాలంటే n కనీసం 19.6. కాబట్టి 20 భాగాలు ఇప్పటికీ సరిపోతాయి, కాకపోతే విలువలను ఏడు స్థానాల వరకు కట్టాలి.