పంబ మోతలో పాఠం

ఇంటి చుట్టూ హోరు, తెర మీద పిల్లలు. ఆన్‌లైన్ టీచరు ఏ మైకు కొనాలి, ఏ కెమెరా కొనాలి? పెరియపాళయంలో ఒక టీచరమ్మ తన ఫోన్లో దాచుకున్న నాలుగు రికార్డింగులు చెప్పిన సమాధానం

ఎడిటర్ గారు అడిగింది వేరు. "ఆన్‌లైన్ టీచర్లకి ఐదు మంచి వెబ్‌క్యామ్‌లు, ఐదు మంచి మైకులు, ధరలతో, ఫొటోలతో. గురువారం సాయంత్రానికి పేజీ వెళ్లిపోవాలి." అలాంటి పట్టికల మీద నాకు మొదటి నుంచీ గురి లేదు. ఏ మైకయినా తలుపులేసిన ఏసీ గదిలో బాగానే పలుకుతుంది. వీధిలో మైకు సెట్టు, పక్క గదిలో టీవీ, వంటింట్లో కుక్కరు ఉన్న ఇంట్లో అది ఎలా పలుకుతుందో పట్టిక చెప్పదు. అందుకని హోరు బాగా ఉండే ఊరొకటి వెతుక్కున్నాను.

చెన్నై నుంచి ఊత్తుకోట వైపు వెళ్లే దారిలో, ఆరణి నది ఒడ్డున ఉంది పెరియపాళయం. భవానీ అమ్మవారి గుడికి ఆడి నెలలో, అంటే జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా, ఆదివారం వస్తే ఇసకేస్తే రాలదు. వేపాకు చీరల మొక్కులు, పొంగళ్లు, పంబలు, ఉడుకలు, తెల్లారకముందే మొదలయ్యే జనం. గుడికి నాలుగు వీధుల అవతల ఉంటుంది మన టీచరమ్మ. అమెరికాలో పెరుగుతున్న పిల్లలకి తెలుగు చదవడం, రాయడం నేర్పుతుంది. కాలిఫోర్నియా పిల్లలకి వేసవిలో శనివారం సాయంత్రం ఆరంటే ఇక్కడ ఆదివారం ఉదయం ఆరున్నర. లౌడ్‌స్పీకర్లకి రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిషేధం. ఆరు కొట్టాక పాట మొదలవుతుంది, ఆరున్నరకి ఈవిడ క్లాసు.

"ఆడి నెల వచ్చిందంటే మా ఇంట్లో గోడలు కూడా పాడతాయి సార్" అంది.

ఈ ఆన్‌లైన్ చదువుల చరిత్ర గబగబా చెప్పేస్తాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డాక బళ్లు ఫోన్లలోకి వచ్చాయి. ఆ జూలైలో కేంద్రం 'ప్రజ్ఞాత' మార్గదర్శకాలు విడుదల చేసి, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకి ముప్పై నుంచి నలభై అయిదు నిమిషాల క్లాసులు రెండుకి మించకూడదంది. తెర ముందు ఎంతసేపు కూర్చోవాలన్న దాని మీద జరిగినంత చర్చ, ఆ సేపట్లో పిల్లాడికి ఏం వినపడుతోందన్న దాని మీద జరగలేదు. బళ్లు తెరిచాక చాలామంది ఫోన్లు పక్కన పడేశారు. విదేశీ పిల్లలకి భాష, సంగీతం చెప్పేవాళ్లు మాత్రం తెర ముందే ఉండిపోయారు.

ఇక ఆ నాలుగు రికార్డింగులు. ఆడి ఆదివారం పొద్దున్నే, అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుని, బయట పాట మోగుతుండగా టీచరమ్మ ఒకే వాక్యాన్ని నాలుగు మైకుల్లో చదివింది. వాక్యం ఆవిడ సొంతం: "శేషు సంతలో శనగలు, సీసాలు, ఉసిరికాయలు కొన్నాడు." శ, ష, స మూడూ అందులో ఉన్నాయి. ప్రతిసారీ ముందు కొన్ని క్షణాలు ఊరికే కూర్చుంది, ఆ తర్వాత చదివింది. ఆ మౌనమే అసలు పరీక్ష. మౌనంలో వినపడే హోరుకీ, మాటకీ మధ్య ఎంత తేడా ఉందో చెవికే తెలిసిపోతుంది.

మొదటిది ల్యాప్‌టాప్ సొంత మైకు. మౌనంలో అమ్మవారి పాట మాట మాటా అర్థమవుతుంది. టీచరమ్మ గొంతు ఆ పాటకి వెనక పాట పాడుతున్నట్టుంది. దీనికి లెక్క ఉంది. మామూలుగా మాట్లాడితే మీటరు దూరంలో గొంతు సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. దూరం సగమైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పెరుగుతుంది. బయటి మోత మాత్రం గదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. మైకుని అటూ ఇటూ జరిపితే అది మారదు. గదిలో మోత 60 ఉందనుకోండి. ల్యాప్‌టాప్ అరవై సెంటీమీటర్ల దూరంలో ఉంటే అక్కడ గొంతు 64. తేడా నాలుగే. పిల్లలకి మాట తేటగా అర్థం కావాలంటే గొంతు మోతకన్నా కనీసం 15 డెసిబెల్స్ పైన ఉండాలని తరగతి గదుల ధ్వని నిపుణులు చెబుతారు. వెబ్‌క్యామ్‌లో ఉండే మైకుదీ ఇదే గతి, ఎందుకంటే అదీ ల్యాప్‌టాప్ మీదే కూర్చుంటుంది. కెమెరా ఎంత ఖరీదైనదైనా ఆ దూరం తగ్గదు.

రెండోది బ్లూటూత్ ఇయర్‌ఫోన్. డబ్బా మీద 'నాయిస్ క్యాన్సిలింగ్' అని రాసి ఉంది. టీచరమ్మ దాన్నే నమ్ముకుని కొంది. ఆ మాట చాలాసార్లు పెట్టుకున్నవాళ్ల చెవికి సంబంధించింది. మీకు పంబ వినపడకుండా చేస్తుంది. పిల్లలకి వినపడుతూనే ఉంటుంది. ఇంకో తంటా ఏమిటంటే, తనకి హోరు వినపడక, ఎక్కడ ఆగి మళ్లీ చెప్పాలో టీచరుకి తెలియదు. రికార్డింగులో మోత కొంత తగ్గిన మాట నిజమే. కానీ 'సంత' కాస్తా 'ఫంత' లాగా వినపడింది. 'సీసాలు' ఏమిటో నాకు ముందే తెలుసు కాబట్టి తెలిసింది. కారణం ఇది: మైకు పనిచేయడం మొదలవగానే ఇలాంటి ఇయర్‌ఫోన్లు పాటల పద్ధతి వదిలి కాల్ పద్ధతిలోకి దిగుతాయి. పాత రకం కాల్ పద్ధతిలో నాలుగు వేల హెర్ట్జ్ పైన ఉన్న శబ్దమంతా తెగిపోతుంది. 'స'లో ఉండే సన్నటి ఈల అసలు ఉండేదే అక్కడ. కొత్త రకాలు ఎనిమిది వేల దాకా పంపుతాయి గానీ, అటు ఇయర్‌ఫోన్, ఇటు ల్యాప్‌టాప్ రెండూ దానికి కుదరాలి. గుర్తు పట్టడం తేలిక. మైకు ఆన్ కాగానే మీకు వినపడే శబ్దం కూడా నూతిలోంచి వచ్చినట్టయితే మీది పాత పద్ధతే. లెక్కలు చెప్పే మాస్టారుకి దీంతో గడిచిపోవచ్చు. శ, ష, సల తేడా నేర్పే టీచరుకి గడవదు.

మూడోది కాలరు మైకు. బోయా బీవై-ఎం1 రకం, ఆరు మీటర్ల తీగతో వచ్చేది, మన యూట్యూబర్లకి బాగా తెలిసినది. ఇది అన్ని వైపుల నుంచీ శబ్దం తీసుకునే రకం. అయినా నోటికి జానెడు కింద, అంటే ఇరవై సెంటీమీటర్లలో ఉంటుంది కాబట్టి గొంతు 74 దాకా వస్తుంది. తేడా 14. కిటికీ తలుపులేస్తే మోత ఇంకో పది దాకా తగ్గుతుంది, అప్పుడు హాయిగా సరిపోతుంది. అయితే టీచరమ్మ మొదటిసారి చేసిన రికార్డింగులో మొదటి దానికీ దీనికీ తేడాయే లేదు! తీగ గుచ్చి ఉంది, కాలరుకి మైకు ఉంది, వినపడేది మాత్రం ల్యాప్‌టాప్ మైకే. ఫోన్లకి సరిపోయే నాలుగు భాగాల పిన్నుని హెడ్‌ఫోన్ రంధ్రంలో పెడితే కొన్ని ల్యాప్‌టాప్‌లు దాన్ని మైకుగా గుర్తించవు, ఆ సంగతి మనకి చెప్పవు కూడా. చిన్న స్ప్లిట్టర్ తీగ పెడితే తీరిపోయింది. ఏ మైకు పనిచేస్తోందో తెలుసుకోడానికి ఆవిడ ఇప్పుడు చేసే పని నాకు నచ్చింది. క్లాసుకి ముందు రికార్డింగు పెట్టి, మైకు మీద గోటితో గీరుతుంది. గరగర వినపడితే సరే. వినపడకపోతే ల్యాప్‌టాప్ అంచు మీద గీరి చూస్తుంది.

నాలుగోది పిల్లల కంప్యూటర్ క్లాసు కోసం ఎప్పుడో కొన్న తీగ హెడ్‌సెట్. వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే యూఎస్‌బీ రకం, చెంప పక్కగా కొమ్మలా సాగిన మైకు. చూడ్డానికి కాల్ సెంటరు వేషం. ఆ రికార్డింగు మౌనంలో పాట ఎక్కడో ఊరి చివర మోగుతున్నట్టుంది, వాక్యం మాత్రం అక్షరం అక్షరం వినపడింది. నోటికి మూడు సెంటీమీటర్లలో గొంతు 90. తేడా 30. మైకు గొప్పతనం ఇందులో ఏమీ లేదు, ఉన్న చోటే దాని బలం. ఒక్క జాగ్రత్త కావాలి. పెదవులకి ఎదురుగా పెడితే భవానిలోని 'భ' దగ్గర, ఫలంలోని 'ఫ' దగ్గర ఊపిరి తగిలి ఢబ్ మంటుంది. నోటి మూల పక్కకి, వేలెడు ఎడంగా, స్పాంజి టోపీతో ఉండాలి.

సాయంత్రం గుడి దగ్గరికి వెళితే ఇదే కిటుకు ఎప్పటినుంచో అక్కడ కనపడుతోంది. ఇద్దరు పంబ వాయిస్తున్నారు, మధ్యలో పాటగాడు. చెవులు గింగురుమనే ఆ మోతలోనూ అతని మాట పోవట్లేదు. మైకు పెదవికి ఆనించి పట్టుకున్నాడు. అది డైనమిక్ రకం. అలాంటి మైకు మోతని వడకట్టదు. నోటికి ఆనించి పాడతారు కాబట్టి మాట ముందు మోత తక్కువవుతుంది, అంతే. బల్ల మీద చేతి దూరంలో నిలబెట్టే పెద్ద కండెన్సర్ మైకులు వీడియోల్లో స్టూడియో హంగు తెస్తాయి. హృదయాకారపు బొమ్మ ముద్రించి, వెనక నుంచి శబ్దం రానివ్వదంటారు. నిజమే, సూటిగా వెనక నుంచి వస్తే. గచ్చు నేల, సున్నపు గోడలు ఉన్న మన గదుల్లో లౌడ్‌స్పీకర్ పాట గోడలకి కొట్టుకుని ముందు నుంచి కూడా వస్తుంది. హోరు ఇంట్లో అది కొనడం డబ్బు దండగ అని నా అభిప్రాయం.

సాఫ్ట్‌వేర్ వడకట్టదా అని ఎడిటర్ గారు ఫోన్లో అడిగారు. ఫ్యాను, మిక్సీ లాంటి ఒకే తీరు మోతని జూమ్, మీట్ బాగానే తుడిచేస్తాయి. టీవీలో మాటలు, పక్కింటి తగువు, పాట వచ్చేసరికి తడబడతాయి, అవీ మనిషి గొంతులే కదా. అసలు చిక్కు పద్యం దగ్గర వచ్చింది. టీచరమ్మ రాగం తీసి పద్యం చదివితే, వడపోత ఎక్కువ స్థాయిలో ఉన్నప్పుడు దీర్ఘాలని సంగీతం అనుకుని మధ్యలో కోసేసింది. హెడ్‌సెట్ పెట్టుకున్నాక వడపోతని తక్కువకి దించింది, పద్యం నిలబడింది. మైకు శబ్దాన్ని దానంతటది సర్దే ఏర్పాటు కూడా తీసేసింది. అది ఉంటే పిల్లాడి జవాబు కోసం ఆవిడ ఆగినప్పుడల్లా 'గొంతు తగ్గింది' అనుకుని బయటి పంబని పైకి లేపుతుంది.

కెమెరా సంగతి

మైకు మీద ఖర్చయిన స్థలం పోగా మిగిలింది ఇంతే. మీటింగులు చాలావరకు 720పీ గానీ అంతకంటే తక్కువ గానీ పంపుతాయి కాబట్టి టీచరుకి 4కె కెమెరా అక్కర్లేదు. వెలుగు కావాలి. కిటికీ వెనక ఉంటే ముఖం నల్లగా, ముందు ఉంటే తేటగా వస్తుంది. వెలుగు చాలకపోతే కెమెరా ఒక్కో ఫ్రేమునీ ఎక్కువసేపు పట్టి, సెకనుకి తీసే ఫ్రేములు తగ్గిస్తుంది. రాస్తున్న చెయ్యి అలుక్కుపోయినట్టు కనిపించేది అందుకే. ట్యూబ్‌లైటు కింద తెర మీద చారలు పాకుతుంటే కెమెరా సెట్టింగుల్లో 60 హెర్ట్జ్ ఉందేమో చూసి 50కి మార్చాలి, మన కరెంటుది 50.

అక్షరాలు దిద్దించడానికి టీచరమ్మ వెబ్‌క్యామ్ కొనలేదు. పాత ఫోనుని పుస్తకం మీదికి వంచి కట్టి, దాన్నే రెండో మనిషిలా మీటింగులో చేర్చింది. చేరేటప్పుడు ఆ ఫోనుకి ఆడియో కలపకూడదు, కలిపితే రెండు పరికరాలూ ఒకదాన్నొకటి విని కీచుమంటాయి. తన ముందు కెమెరాలో పలక మీది 'క' తిరగబడి కనిపిస్తోందని కొన్నాళ్లు ఆవిడ మథనపడింది. అద్దంలా తిప్పి చూపేది ఎవరి తెర మీద వాళ్లకే. పిల్లలకి అది సరిగ్గానే వెళ్తోంది.