పెరిగే వాయిదా ఎవరికి లాభం?

నెలకు అరవై వేలు చేతికందే పాతికేళ్ల ఉద్యోగి ఇంటి రుణానికి వెళ్లాడనుకుందాం. జీతంలో సగం, అంటే ముప్పై వేలు దాటి వాయిదా పడకూడదని బ్యాంకు అంటుంది. 8.5 శాతం వడ్డీకి, ఇరవై ఏళ్ల గడువుకు, ఆ లెక్కన వచ్చే అప్పు ముప్పై నాలుగున్నర లక్షలు. అతనికి కావలసింది నలభై. దానికి ఈఎంఐ 34,713 రూపాయలు.

ఇలాంటి చోటే ‘స్టెప్ అప్’ పథకం ముందుకొస్తుంది. జీతం ఎలాగూ పెరుగుతుంది కాబట్టి మొదట్లో తక్కువ కట్టు, తర్వాత ఎక్కువ కట్టు అంటారు. మెట్లు ఒక్కో బ్యాంకులో ఒక్కోలా ఉంటాయి. అన్నిటికన్నా తేలికైన రకంలో మొదటి మూడేళ్లు వడ్డీ మాత్రమే, నెలకు 28,333. నాలుగో ఏడు నుంచి 37,132. ఇల్లు ఇప్పుడే చేతికొస్తుంది. ఈ పథకం అసలు ఉపయోగం అదొక్కటే.

దీనికి ఖరీదుంది. మూడేళ్లు కట్టాక కూడా బాకీ నలభై లక్షలు అలాగే ఉంటుంది. మామూలు ఈఎంఐ కట్టినవాడి బాకీ అప్పటికి 37.4 లక్షలకు దిగుతుంది. మొత్తం గడువులో స్టెప్ అప్ తీసుకున్నవాడు రెండు లక్షల అరవై వేలకు పైగా అదనంగా కడతాడు. ఈలోగా ఇల్లు అమ్మాల్సివస్తే ఆ తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది. పైగా వాయిదా ఎప్పుడు పెరగాలో ఒప్పందంలో ముందే రాసి ఉంటుంది. ఇంక్రిమెంటు రాకపోయినా, ఉద్యోగం పోయినా అది ఆగదు. ఫ్లోటింగ్ వడ్డీ పెరిగితే ఆ భారం వేరే.

సంతకానికి ముందు చెల్లింపుల షెడ్యూలు అడిగి, మొదటి ముప్పై ఆరు వరుసల్లో ‘అసలు’ గడి చూడండి. సున్నాలుంటే అప్పు తగ్గడం లేదన్నమాట. అక్కడ మైనస్ అంకె ఉంటే కట్టని వడ్డీ కూడా అసలులో కలుస్తున్నట్టే. అది వద్దు.

పూర్తి ఈఎంఐ మొదటి నుంచీ కట్టగలిగినవాడికి బ్యాంకు స్టెప్ అప్ అక్కర్లేదు. మెట్లు తానే వేసుకోవచ్చు. 34,713తో మొదలుపెట్టి ఏటా ఐదు శాతం పెంచుకుంటూ పోతే ఇరవై ఏళ్ల అప్పు పన్నెండేళ్ల మూడు నెలల్లో తీరుతుంది. వడ్డీ 43 లక్షల నుంచి దాదాపు 28 లక్షలకు దిగుతుంది. జీతం పెరగని ఏడాది పెంచకపోయినా అడిగేవారుండరు. ఫ్లోటింగ్ వడ్డీపై వ్యక్తులు తీసుకున్న ఇంటి రుణాలకు ముందస్తు చెల్లింపు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉండనే ఉంది.

స్టెప్ అప్ ఇప్పటికే తీసుకున్నవారు కూడా చేయి ఆడిన నెలల్లో, బోనసు వచ్చినప్పుడు అసలుకు జమ చేయవచ్చు. ఆ సొమ్ముతో ఈఎంఐ తగ్గించొద్దు, గడువు తగ్గించమని బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే కొన్ని చోట్ల ఈఎంఐ తగ్గించి ఊరుకుంటారు.