ఒకే వంటిల్లు, మూడు పేర్లు

ఫోన్‌లో మూడు వేర్వేరు హోటళ్లుగా కనిపించేవి ఒకే షట్టర్ వెనక వండుతున్నవి కావచ్చు. ఫాసోస్, బెహ్రూజ్ బిర్యానీ, ఓవెన్ స్టోరీ, ఈ మూడూ రెబెల్ ఫుడ్స్ అనే ఒకే సంస్థవి. కూర్చుని తినే చోటు లేకుండా డెలివరీ కోసమే వండే ఇలాంటి వంటిల్లే క్లౌడ్ కిచెన్. పేర్లు పెట్టడం తేలికే, మెనూ కుదర్చడమే కష్టం.

కూకట్‌పల్లిలో ఒక చిన్న కిచెన్ బిర్యానీకి, రోల్స్‌కి, రైస్ బౌల్స్‌కి వేర్వేరు పేర్లు పెట్టి నడుపుతోందనుకుందాం. అల్లం వెల్లుల్లి ముద్ద, పెరుగు, వేయించిన ఉల్లిపాయలు మూడింటికీ పనికొస్తాయి. ఎముకల్లేని చికెన్‌కు ఉప్పు, పెరుగు, అల్లం వెల్లుల్లి మాత్రమే పట్టించి 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో ఉంచితే, ఆర్డర్ వచ్చాక రోల్‌ కోసం పెనం మీద కాల్చవచ్చు, బౌల్‌ కోసం మిరియాల వేపుడూ చేయవచ్చు. రోల్స్ అమ్ముడుపోని రోజు ఆ చికెన్ బౌల్స్‌లో చెల్లిపోతుంది. ఘాటైన మసాలా ముందే కలిపేస్తే ఆ వెసులుబాటు పోతుంది. అందుకే సరుకు, ముందస్తు తయారీ కలిసి ఉండాలి, చివరి వంట మాత్రం విడిగా సాగాలి. దమ్ బిర్యానీకి ఎముక ఉన్న ముక్కలు, బాస్మతి బియ్యం కావాలి, బౌల్‌కు సోనామసూరి చాలు. ఖర్చు తగ్గుతుందని వీటిని కలపబోతే రెండూ చెడతాయి.

ఒకే వంటకాన్ని రెండు పేర్లతో అమ్మడం ఇంకా పెద్ద తప్పు. 2023లో ఉబర్ ఈట్స్ అమెరికాలో ఇలా ఒకే మెనూను వేర్వేరు పేర్లతో పెట్టిన వేలాది బ్రాండ్లను తొలగించింది.

రాత్రి ఎనిమిదింటికి మూడు పేర్ల మీదా ఆర్డర్లు ఒక్కసారే వస్తాయి. బ్రాండ్లు మూడైనా పొయ్యిలు అవే. పెనం ఒక్కటే ఉంటే రోల్స్ వెనకబడతాయి, చేసి పెట్టిన బిర్యానీ మాత్రం వెంటనే వెళ్లిపోతుంది. కాబట్టి మూడో బ్రాండ్‌కు పెనం అవసరం లేని వంటకాలే ఎంచుకోవడం మంచిది.

ప్యాకింగ్‌లోనూ పద్ధతి ఇదే. పేరు అచ్చేసిన డబ్బాలు వేలల్లో కొని, ఆ బ్రాండ్ నడవక మూసేస్తే అవన్నీ వృథా. డబ్బాలు మూడు నాలుగు సైజుల్లో, ఏ పేరూ లేకుండా కొని, బ్రాండ్‌కో రంగు స్టిక్కర్ అతికిస్తే చాలు. వెజ్, నాన్‌వెజ్ స్టిక్కర్లను వేర్వేరు బల్లల మీద ఉంచాలి. శాకాహారి ఇంటికి చికెన్ వెళ్తే ఆ నమ్మకం మళ్లీ రాదు. డబ్బా కూడా వంటకాన్ని బట్టి ఉండాలి. బిర్యానీకి గట్టిగా బిగిసే మూత కావాలి. కరకరలాడే వేపుళ్లను అలాంటి దాంట్లో పెడితే ఆవిరికి మెత్తబడిపోతాయి, వాటికి గాలి రంధ్రాలున్నవి కావాలి. పులుసు కూరల మూత కారకుండా చూడాలి. ఏ డబ్బానైనా కొనేముందు అందులో వంటకం పెట్టి, బండి మీద అరగంట గతుకుల్లో తిప్పి, తెరిచి తిని చూడాలి. మెత్తబడిందో, కారిందో, చల్లారిందో అప్పుడే తెలుస్తుంది. డబ్బా మార్చినా కుదరని వంటకాన్ని మెనూలోంచి తీసేయడమే నయం.