ఫొటోలో పొడుగు జుట్టు తీసి మిలిటరీ కటింగ్ పెట్టొచ్చా? కనిపించని చెవులు ఎక్కడి నుంచి వస్తాయి?

సెలూన్‌లో అయితే పొడుగు జుట్టును క్రూ కట్ చేయడానికి ఇరవై నిమిషాలు చాలు. అదే పని ఫొటోలో చేయాలంటే గంటలు పడుతుంది. ఎందుకంటే సెలూన్‌లో జుట్టు తీసేస్తే కింద చెవి ఉంటుంది. ఫొటోలో జుట్టు తీసేస్తే కింద ఏమీ ఉండదు. చెవి, మెడ, నుదురు అన్నీ కొత్తగా కట్టుకోవాల్సిందే.

హబ్సిగూడలోని ఓ ఫొటో స్టూడియోకు ఇలాంటి ఆర్డర్ వచ్చిందనుకుందాం. ఇంట్లో కొడుకు చనిపోయాడు. గోడకు ఫ్రేమ్ కట్టించాలి. అందరికీ గుర్తున్నది మిలిటరీ కటింగ్‌తో ఉన్న అబ్బాయి. కానీ క్లియర్‌గా ఉన్న ఒకే ఒక్క ఫొటోలో జుట్టు భుజాల దాకా ఉంది. ఎడిటర్ ఏం చేయాలి?

ముందు పాత ఫొటో అడగాలి

చెవి ఆకారం మనిషి మనిషికీ మారుతుంది. నెట్‌లో దొరికిన చెవి అతికిస్తే బయటివాళ్లు గుర్తుపట్టరు కానీ, అమ్మ మాత్రం "వీడు మావాడిలా లేడే" అంటుంది. అందుకే అదే మనిషి చెవులు కనిపించే పాత ఫొటో కావాలి. ముఖం ఒకే వైపు తిరిగి ఉండాలి, వెలుతురు కూడా ఒకే వైపు నుంచి పడాలి.

ఆ ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఒరిజినల్ అలాగే వస్తుంది.

కొలత ఎలా?

కనుబొమ్మ నుంచి ముక్కు కింది అంచు వరకు 300 పిక్సెల్స్ ఉందనుకోండి. ఎదురుగా చూస్తున్న ముఖంలో చెవి కూడా దాదాపు ఆ రెండు గీతల మధ్యే ఉంటుంది. కనుబొమ్మ నుంచి జుట్టు మొదలయ్యే గీత దాకా కూడా సుమారు అంతే దూరం. ఇది అందాజా లెక్క మాత్రమే. పాత ఫొటోలో నుదురు ఇంకా పెద్దగా కనిపిస్తే దాన్నే నమ్మాలి.

పాత ఫొటోలో అదే దూరం 150 పిక్సెల్సే ఉంటే చెవిని రెండింతలు పెద్దది చేయాలి. అప్పుడు అది మసకబారుతుంది, పక్కనున్న చెంప మాత్రం షార్ప్‌గా ఉంటుంది. అందుకే వీలైనంత పెద్ద ఫొటో వెతకాలి.

పని వెనక నుంచి మొదలు

మొదట జుట్టు వెనక ఉన్న గోడను, భుజం మీది చొక్కాను క్లోన్ స్టాంప్‌తో నింపాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఒత్తైన జుట్టు తలను అసలు కంటే పెద్దగా చూపిస్తుంది. దాని బయటి అంచు మీదే క్రూ కట్ గీస్తే హెల్మెట్ పెట్టినట్టు ఉంటుంది. తల గీత లోపలికి రావాలి.

తర్వాత నుదురు. కనిపిస్తున్న నుదుటి చర్మాన్నే కాపీ చేసి పైకి పెంచాలి. బ్రష్‌తో రంగు పూస్తే చర్మం ప్లాస్టిక్‌లా నున్నగా తేలిపోతుంది.

ఆ తర్వాత చెవులు. ఒక చెవినే తిప్పి రెండో వైపు పెట్టడం షార్ట్‌కట్. కానీ వెలుతురు ఎడమ నుంచి వస్తుంటే, తిప్పిన చెవి మీద అది కుడి నుంచి పడినట్టు కనిపిస్తుంది. ఆ చెవిని విడిగా నీడలోకి దించాలి.

మెడ దగ్గర రెండు నీడల సంగతి చూసుకోవాలి. దవడ కింద నీడ కొత్తగా వేయాలి. చెంప మీద, మెడ మీద పాత జుట్టు వేసిన నీడ తీసేయాలి. జుట్టు పోయినా దాని నీడ మిగిలితే, ఏం తేడానో చెప్పలేకపోయినా ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది.

జుట్టు చివర్లోనే. పైన కాస్త ఒత్తుగా, పక్కల మాడు చర్మం లీలగా కనిపించేలా పలచగా ఉండాలి. అంచును కత్తితో కోసినట్టు వదలకూడదు. పూర్తయ్యాక ఫొటోను అద్దంలోలా తిప్పి చూస్తే, ఒక చెవి ఎత్తుగా ఉంటే వెంటనే దొరికిపోతుంది.

ఈ ఫొటో ఎక్కడ వాడకూడదు?

గోడ మీది ఫ్రేమ్‌కు ఇబ్బంది లేదు. అప్లికేషన్లకు మాత్రం వద్దు. పాస్‌పోర్ట్ ఫొటోను సాఫ్ట్‌వేర్‌తో మార్చకూడదని రూల్ ఉంది. సివిల్స్ నోటిఫికేషన్‌లో యూపీఎస్సీ కూడా, ఫొటోలో ఎలా ఉన్నారో పరీక్ష ప్రతి దశలోనూ అలాగే కనిపించాలని చెబుతోంది. అక్కడ కావాల్సింది ఎడిటింగ్ కాదు, నిజంగా కటింగ్ చేయించుకుని దిగిన కొత్త ఫొటో.

పాత ఫొటో ఒక్కటీ దొరకకపోతే? చెవిని ఊహించి గీయడం తప్ప దారి లేదు. ఎడిటర్ ఆ మాట ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. వాళ్లు వద్దంటే, పొడుగు జుట్టు ఫొటోనే శుభ్రం చేసి ఫ్రేమ్ కట్టించడం మేలు. అందులో ఉన్నది కనీసం వాళ్ల అబ్బాయే.