దసరా రద్దీ, గల్లా లెక్క, ఒక మెప్పుకాగితం

మార్చి నెలాఖరు వచ్చిందంటే బట్టల షాపుల్లో మేనేజర్ల ముందు అప్రైజల్ ఫారాలు పేరుకుపోతాయి. క్యాషియర్ పేరుకు ఎదురుగా ఎక్కువమంది రాసేది ఒకే మాట: ‘కష్టపడి పనిచేస్తారు, నమ్మకస్తురాలు’. ఇంక్రిమెంట్ తేల్చాల్సిన హెడ్డాఫీసుకు దాంతో ఒరిగేదేమీ లేదు. ఆమె నిజంగా ఏం చేసిందో తెలియాలంటే పండగ రోజు రాత్రి, షట్టర్ సగం దించాక జరిగే లెక్క చూడాలి.

ఉదాహరణకు, ఒక దసరా శనివారం అనుకుందాం. పొద్దున చిల్లర కోసం గల్లాలో పెట్టిన సొమ్ము రూ.5,000. నగదు బిల్లులు రూ.1,84,350. వాపసు తెచ్చిన బట్టలకు తిరిగిచ్చింది రూ.1,200. అంటే పెట్టెలో రూ.1,88,150 ఉండాలి. ఎంచి చూస్తే రూ.1,85,810 తేలింది. రూ.2,340 షార్ట్!

కంగారుపడే క్యాషియర్ నోట్లనే మళ్లీ మళ్లీ ఎంచుతుంది. పని తెలిసిన క్యాషియర్ ఒక్కసారి సరిచూసుకుని, యూపీఐ లెక్క తీస్తుంది. అక్కడ బిల్లుల కన్నా సరిగ్గా రూ.2,340 ఎక్కువ జమైంది. ఇక వెతకాల్సింది ఆ మొత్తానికి ఉన్న నగదు బిల్లునే. కస్టమర్ ఫోన్‌తో కట్టాడు, హడావుడిలో కంప్యూటర్‌లో ‘నగదు’ అని నొక్కారు. డబ్బు ఎక్కడికీ పోలేదు.

తేడా 9తో భాగించబడితే ఇంకో అనుమానం. రూ.630 వాపసు చీటీని పుస్తకంలో రూ.360గా ఎక్కిస్తే తేడా రూ.270. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదో ఎక్కంలోనే ఉంటుంది. అయితే ఇది ఆచూకీ మాత్రమే, రుజువు కాదు. చీటీ దొరికాకే లెక్క దిద్దాలి.

పండగ వారమంతా ఒక్క రూపాయి తేడా రాలేదంటే అనుభవమున్న మేనేజర్ మురిసిపోడు, ఆరా తీస్తాడు. తిట్లకు భయపడి షార్ట్‌ని సొంత పర్సులోంచి పూడ్చేవాళ్లుంటారు. ఎక్కువొచ్చిన డబ్బును రేపటి షార్ట్ కోసం పక్కన దాచేవాళ్లూ ఉంటారు. రెండింటిలోనూ అసలు తప్పు కనపడకుండా పోతుంది. అందుకే ఎక్కువొచ్చిన రోజున కూడా నోరు విప్పి చెప్పిన క్యాషియర్‌కు ఆ మాట ఫారంలో దక్కాలి.

అలాంటి మెప్పు ఇలా ఉండొచ్చు: ‘దసరా వారానికి ముందే బ్యాంకు నుంచి పది, ఇరవై రూపాయల కట్టలు తెప్పించారు. చిల్లర కోసం లైన్ ఆగలేదు. శనివారం రూ.2,340 తేడాకు కారణం ఆ రాత్రే పట్టుకుని, బిల్లు నంబరుతో సహా రాసిచ్చారు. ఎక్కువొచ్చిన రోజున కూడా వెంటనే చెప్పారు. వచ్చే పండక్కి కొత్త క్యాషియర్లకు ఈమెతో శిక్షణ ఇప్పించాలని నా సిఫారసు.’

ఇందులో పొగడ్త తక్కువ, పని ఎక్కువ. కాకపోతే దసరా ముచ్చట మార్చిదాకా ఎవరికీ గుర్తుండదు. మేనేజర్లు ఆ వారంలోనే తేదీ, మొత్తం, కారణం డైరీలో రాసిపెట్టుకోవాలి. క్యాషియర్లు కూడా తాము రాసిచ్చిన తేడా చీటీల నకళ్లు దగ్గరుంచుకుని, అప్రైజల్ రోజున ముందు పెట్టాలి.