అనునాదం లెక్కల్లో క్వాలిటీ ఫ్యాక్టర్ ఎక్కడ తిరగబడుతుంది?

10 ఓమ్‌ల రెసిస్టర్, 10 మిల్లీహెన్రీల కాయిల్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను శ్రేణిలో కలిపి 10 వోల్టుల ఏసీ సరఫరా ఇచ్చారనుకుందాం. ω₀ = 1/√(LC) ప్రకారం అనునాద కోణీయ పౌనఃపున్యం సెకనుకు 10,000 రేడియన్లు, అంటే సుమారు 1,592 హెర్ట్జ్. అక్కడ కాయిల్, కెపాసిటర్ల ప్రతిరోధాలు చెరో 100 ఓమ్‌లై ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలేది 10 ఓమ్‌లే కాబట్టి 1 ఆంపియర్ విద్యుత్తు ప్రవహిస్తుంది.

క్వాలిటీ ఫ్యాక్టర్ Q = ω₀L/R = 10. అందుకే కెపాసిటర్ మీద సరఫరాకు పది రెట్లు, 100 వోల్టులు కనిపిస్తాయి. బ్యాండ్‌విడ్త్ అంటే విద్యుత్తు గరిష్ఠ విలువలో 70.7 శాతానికి తగ్గే రెండు పౌనఃపున్యాల మధ్య దూరం. అది అనునాద పౌనఃపున్యాన్ని Qతో భాగించగా వచ్చే 159 హెర్ట్జ్.

ఈ మూడింటినీ సమాంతరంగా కలిపితే అనునాద పౌనఃపున్యం మారదు. సూత్రం మాత్రం Q = R/(ω₀L)గా తిరగబడి, విలువ 0.1కి పడిపోతుంది. శ్రేణిలో నిరోధం తగ్గితే Q పెరుగుతుంది. సమాంతరంలో నిరోధం పెరిగితేనే పెరుగుతుంది. పరీక్షలో శ్రేణి సూత్రాన్నే ఇక్కడా వాడితే జవాబు వంద రెట్లు తప్పుతుంది. అందుకే ముందుగా రెసిస్టర్ ఎక్కడుందో బొమ్మలో చూడాలి.